కైరోలో ‘ఆయిజ్’, కువైట్‌లో ‘అబీ’

కువైట్‌లో ఇంటి డ్రైవరు పని ఖాయమైంది. వీసా చేతికొచ్చేలోగా నాలుగు అరబ్బీ ముక్కలు నేర్చుకుందామని రాజంపేట కుర్రాడొకడు ఫోను తెరుస్తాడు. అక్కడ కనిపించే పాఠాల్లో చాలా భాగం ఈజిప్టువే. ‘అనా ఆయిజ్’ అంటే నాకు కావాలి, ‘దిల్వఅతీ’ అంటే ఇప్పుడు. ఈ రెండూ వంటబట్టించుకుని విమానం దిగుతాడు. మర్నాడు పొద్దున్నే ఇంటావిడ పిలిచి, ‘అబీక్ త్రూహ్ ఇల్‌జమ్‌ఇయ్యా అల్‌హీన్’ అంటుంది. నేర్చుకున్న రెండు మాటల్లో ఒక్కటీ ఆ వాక్యంలో వినబడదు. ‘నువ్విప్పుడు కోఆపరేటివ్ స్టోరుకి వెళ్లాలి’ అని ఆమె చెప్పింది. కువైట్‌లో పేటపేటకీ ఉండే సహకార సూపర్‌ మార్కెట్‌ను ‘జమ్‌ఇయ్యా’ అంటారు.

పాఠంలో తప్పేమీ లేదు. అదే మాట కైరో ఇల్లాలు చెబితే ‘ఆయ్‌జాక్ తిరూహ్ ఇల్‌గమ్‌ఇయ్యా దిల్వఅతీ’ అయ్యేది. వెళ్లడం, స్టోరు రెండుచోట్లా ఒకటే. ‘జ’ను కైరోవాళ్లు ‘గ’ చేస్తారు, అంతవరకు సర్దుకోవచ్చు. కానీ రోజుకు వందసార్లు నోట మెదిలే ‘కావాలి’, ‘ఇప్పుడు’ అనే రెండు మాటలే పూర్తిగా వేరు. కొత్తగా వెళ్లినవాళ్లు తికమకపడేది ఇక్కడే.

అరబ్బీకి పుస్తక భాష ఒకటుంది. పత్రికల్లో, వార్తల్లో, బడిలో అదే. దానిలో ‘నాకు కావాలి’ అంటే ‘ఉరీద్’, ‘ఇప్పుడు’ అంటే ‘అల్‌ఆన్’. చదువుకున్న అరబ్బులందరికీ ఈ మాటలు తెలుసు, కానీ అమ్మ ఒడిలో వాటిని నేర్చుకున్నవాళ్లు మాత్రం లేరు. ఇంట్లో ఏ ప్రాంతం మాట ఆ ప్రాంతానిదే. ఈ ఇంటి మాటల్ని పుస్తక భాష చెడిపోయిన రూపాలుగా చూడటం పొరపాటు. పాత అరబ్బీలో ‘కోరడం’, ‘అవసరపడటం’, ‘వేళ’, ‘సమయం’ అనే అర్థాలకు మాటలు చాలా ఉండేవి. అందులోంచి ఒక్కో ప్రాంతం ఒక్కోటి తీసుకుంది.

‘ఇప్పుడు’ సంగతి ముందు చూద్దాం. మనకిది సులువుగా అర్థమవుతుంది. ‘నేడు’ అనడానికి తెలంగాణలో ‘ఇయ్యాల’ అంటారు, అంటే ఈ వేళ. రాయలసీమలో ‘ఈపొద్దు’ అంటారు. కోస్తాలో ‘ఈరోజు’ అంటారు. మూడింటి కట్టడం ఒకటే. ‘ఈ’కి పక్కన కాలాన్ని చెప్పే ఒక మాట. ఎవరికి నచ్చిన మాట వాళ్లు తగిలించుకున్నారు. అరబ్బులూ సరిగ్గా ఇదే చేశారు. సమయానికి ‘వక్త్’ అనే మాట ఉంది. మన ఊళ్లలో ఉర్దూ మీదుగా వినే ‘వఖ్త్’ అదే. ‘ఈ వక్త్’ అనే పదబంధమే ఈజిప్టులో ‘దిల్వఅతీ’ అయింది. మొదట్లోని ‘ది’ అంటే ‘ఈ’. ‘వక్త్’లోని ‘క’ను కైరోవాళ్లు పలకరు, ఆ చోట గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదులుతారు. అందుకే అసలు మాట లోపల దాగిపోయి కొత్త చెవికి దొరకదు. నైలు నది ఎగువకు, దక్షిణ ఈజిప్టుకు వెళ్తే అదే చోట ‘గ’ వినబడుతుంది.

గల్ఫ్‌వాళ్లు ‘హీన్’ అనే మాటను పట్టుకున్నారు. వేళ, తరుణం అని దాని అర్థం. ఖురాన్‌లో కూడా కనిపించే పాత మాట ఇది. దానికి ముందు ‘అల్’ చేరి ‘అల్‌హీన్’ అయింది. ఇరాకీలు ‘గంట’ అనే అర్థమున్న ‘సాఅ’ను తీసుకుని ‘హస్సా’ అంటారు. సిరియా, లెబనాన్‌లలో మళ్లీ ‘వక్త్’ నుంచే ‘హల్లఅ’ పుట్టింది. కాబట్టి కొత్త చోటుకు వెళ్లినప్పుడు ‘ఇప్పుడు’ అన్న మాట తెలియకపోయినా, దాని లోపల కాలానికి సంబంధించిన ఏదో ఒక పేరు ఉంటుందని వెతికితే చాలాసార్లు దొరుకుతుంది.

‘కావాలి’ వ్యవహారం ఇంతకంటే లోతైనది. ఇక్కడ వేర్లే కాదు, వ్యాకరణమూ వేరు. ఈజిప్టు ‘ఆయిజ్’ వెనక ‘లేమి, అవసరం’ అని అర్థమిచ్చే పాత ధాతువు ఉంది. కొందరు ‘ఆవిజ్’ అని కూడా పలుకుతారు. అసలు అర్థం ఇంకా పోలేదు. కారులో పెట్రోలు అయిపోతే ‘బండికి పెట్రోలు కావాలి’ అనడానికీ ఈ మాటే వాడతారు. గల్ఫ్ ‘అబీ’ వెనక ‘వెతకడం, కోరడం’ అనే అర్థమున్న ‘బఘా’ ఉంది. సౌదీలో చాలామంది ఇప్పటికీ ‘అబ్ఘా’ అని పూర్తిగా పలుకుతారు. కువైట్‌లో మధ్యలోని ‘ఘ’ అరిగిపోయి ‘అబీ’ మిగిలింది.

ఈ తేడాకు చరిత్ర కూడా ఒక కారణమే. ఏడో శతాబ్దంలో, 640 ప్రాంతంలో, అరబ్ సైన్యాలు ఈజిప్టులో అడుగుపెట్టేనాటికి అక్కడి జనం కాప్టిక్ మాట్లాడేవారు. నైలు ఒడ్డున రైతులు, పట్నవాసులు కొన్ని శతాబ్దాల్లో అరబ్బీకి మారారు. అలా అక్కడి మాట అక్కడే రూపు కట్టుకుంది. కువైట్‌ను పాలించే అల్ సబా కుటుంబం, వాళ్ల బనీ ఉతూబ్ వర్గం అరేబియా నడిబొడ్డున ఉన్న నజ్ద్ నుంచి వచ్చి పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో ఈ తీరాన స్థిరపడ్డారు. కువైట్ ‘అబీ’, ‘అల్‌హీన్’ రియాద్ వైపు కూడా వినబడటంలో వింతేమీ లేదు. అవి ఎడారి తెగలతో పాటు నడిచొచ్చిన మాటలు.

ఇక వ్యాకరణం. ‘ఆయిజ్’ క్రియ కాదు, ‘కోరుతున్నవాడు’ అన్నట్టుండే విశేషణం. అందుకని కోరేది మగవాడైతే ‘ఆయిజ్’, ఆడమనిషైతే ‘ఆయ్‌జా’, పదిమందైతే ‘ఆయ్‌జీన్’. నేను, నువ్వు, అతను ఎవరైనా రూపం మారదు, మగా ఆడా అన్నదే లెక్క. పైన కైరో ఇల్లాలి నోట ‘ఆయ్‌జాక్’ వచ్చింది. అదే ఇంటాయన చెబితే ‘ఆయ్‌జక్’ అయ్యేది. చివరి ‘క్’ అంటే ‘నిన్ను’. వద్దు అనడానికి ముందు ‘మిష్’ చేరిస్తే చాలు, ‘మిష్ ఆయిజ్’.

‘అబీ’ మాత్రం అసలైన క్రియ. ఇక్కడ ‘ఎవరికి కావాలి’ అన్నదాన్ని బట్టి మాట మొదలు మారుతుంది. నాకు కావాలి అని ఆడైనా మగైనా ‘అబీ’ అనే అంటారు. మగవాణ్ని ‘నీకు కావాలా’ అని అడగాలంటే ‘తబీ?’, ఆడమనిషిని అడగాలంటే ‘తబీన్?’. అతనికి కావాలంటే ‘యబీ’, ఆమెకైతే మళ్లీ ‘తబీ’, వాళ్లకైతే ‘యబూన్’. వద్దంటే ‘మా అబీ’. బండి గురించి చెప్పేటప్పుడు ‘యబీల్‌హా’ అన్న రూపం డ్రైవర్లకు బాగా పనికొస్తుంది. ‘సయ్యారా యబీల్‌హా ఘసీల్’ అంటే కారు కడగాల్సి ఉందని.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నాకు కావాలి, నీకు కావాలి, ఆమెకు కావాలి. తెలుగులో ‘కావాలి’ ఎవరి కోసమూ మారదు. ఆ అలవాటు మనవాళ్ల అరబ్బీలోకీ దిగుతుంది. గల్ఫ్‌లో పనిచేసే వలస కార్మికుల్లో చాలామంది మధ్య ‘అనా యబీ’, ‘ఇంతా యబీ’ అంటూ ఒక్క ‘యబీ’తోనే బండి లాగించే పనిమాట ఒకటి ఏర్పడింది. ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, పని జరిగిపోతుంది. చిక్కు వినేటప్పుడు వస్తుంది.

టీ విషయమే చూడండి. వంటింట్లో ఉన్న కోనసీమ అమ్మాయితో ఇంటావిడ ‘బాబా యబీ చాయ్ అల్‌హీన్’ అంటే, అయ్యగారికి ఇప్పుడే టీ కావాలని. ‘తబీన్ చాయ్?’ అంటే ‘నీకు టీ కావాలా’ అని ఆ అమ్మాయినే అడగడం. ‘అబీ చాయ్’ అంటే ఆవిడకే కావాలి. అందరికీ ‘యబీ’యే అనుకునే చెవికి ఈ మూడూ ‘టీ కావాలి’గానే వినబడతాయి. ఇవ్వాల్సింది అయ్యగారికి, ఇచ్చేది అమ్మగారికి. మొదటి అక్షరాన్ని పట్టుకుంటే గొడవ తీరిపోతుంది. ‘అ’ వస్తే చెప్పే మనిషికి. ‘య’ వస్తే ఇంకెవరో మగమనిషికి. ‘త’ వస్తే చివర ‘న్’ ఉందేమో చూడాలి. ఉంటే నిన్ను, అంటే ఆడమనిషిని, అడిగినట్టు. ‘న్’ లేకపోతే మగవాణ్ని అడుగుతున్నారు, లేదా అక్కడ లేని ఆవిడ గురించి చెబుతున్నారు. ‘మామా తబీ చాయ్’ అని పిల్లలొచ్చి చెబితే అమ్మకి కావాలని. అడిగేటప్పుడూ అంతే, అమ్మగారిని ‘తబీన్ చాయ్?’ అనాలి.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఈ ‘అబీ’ గల్ఫ్‌లో ఇంకా అరిగిపోయి, క్రియ ముందు ‘బ’గా మిగిలి, రాబోయే కాలాన్ని చెబుతుందని భాషావేత్తలు వివరిస్తారు. వెళ్లాలనుకోవడం మెల్లగా వెళ్లబోవడం అయింది. కువైట్‌వాడు ‘బరూహ్ ఇస్సూగ్’ అంటే బజారుకు వెళ్తాను, ఇకముందు. ఈజిప్టులోనూ క్రియ ముందు ‘బ’ ఉంది. అక్కడ దాని పని వేరు, రోజూ జరిగేదాన్ని చెప్పడం. కైరోవాడు ‘బరూహ్ ఇస్సూఅ’ అంటే బజారుకు వెళ్తుంటాను, అది నా అలవాటు. అతను రేపు వెళ్తానని చెప్పాలంటే ‘హరూహ్’ అంటాడు. మాట ఒక్కటే, కాలం వేరు. ఈజిప్టు మేస్త్రి ‘బరూహ్’ అన్నాడని ఇప్పుడే బయల్దేరతాడేమోనని ఎదురుచూస్తే, అతను కదలడు. తోడుగా వచ్చే మాట వినాలి. ‘బాచిర్’ అంటే గల్ఫ్‌లో రేపు, ‘కుల్ యోమ్’ అంటే ప్రతిరోజూ. ఆ రెండింట్లో ఒకటి చెవినపడితే సందేహం తీరుతుంది.

మరి ఈజిప్టు పాఠం వృథాయేనా? కాదు. గల్ఫ్ దేశాల్లో ఈజిప్టు టీచర్లు, డాక్టర్లు, గుమాస్తాలు, దుకాణదారులు చాలామంది ఉంటారు. ఈజిప్టు సినిమాలు, సీరియళ్లు చూస్తూ పెరగడం వల్ల కువైటీలకూ ఆ మాట తెలుసు. మీరు ‘ఆయిజ్’ అంటే ఎవరూ నోరెళ్లబెట్టరు. వాళ్లు మీతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘అబీ’యే వాడతారు. అందుకే ఒకరి మాట పలకడానికి, రెండోవారి మాట వినడానికి అని విడదీసుకోవడం మంచిది. కువైట్‌కైతే నోటికి ‘అబీ, అల్‌హీన్’, చెవికి ‘ఆయిజ్, దిల్వఅతీ’. జెద్దాకు వెళ్లేవాళ్లు ‘అబ్ఘా’, ‘దహ్హీన్’ సిద్ధం చేసుకోవాలి. ‘ఈ హీన్’ అనే పదబంధమే అక్కడ ‘దహ్హీన్’ అయింది. దుబాయ్‌లో ‘అబా’ అని కూడా అంటారు.

వాట్సాప్‌లో ఈ మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో వస్తే మధ్యలో అంకెలు కనబడతాయి. ఇంగ్లిషులో లేని గొంతు ధ్వనులకు అరబ్బులు అంకెలు వాడతారు. గొంతు లోతులోంచి వచ్చే ‘అ’కు 3, బరువైన ‘హ’కు 7, గొంతు బిగబట్టే చోట 2. ఈజిప్టు దుకాణదారు నుంచి 3ayzak dilwa2ti అని వచ్చినా, ఇంటాయన నుంచి abeek al7een అని వచ్చినా ‘నువ్విప్పుడు కావాలి’ అనే అర్థం. ఇద్దరికీ jay అని జవాబివ్వవచ్చు, ‘వస్తున్నా’ అని. దాన్నే ఈజిప్టు మనిషి ‘గాయ్’ అంటాడు, కువైట్ మనిషి చాలాసార్లు ‘యాయ్’ అంటాడు.