చదివిన గంటలు – వచ్చిన మార్కులు

ఎక్కువసేపు చదివితే ఎక్కువ మార్కులు వస్తాయని పెద్దలు చెప్పగా మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. కాని మీ తరగతినే ఒకసారి గమనించండి. పొద్దస్తమానం పుస్తకం పట్టుకుని కూర్చున్నా బొటాబొటిగా గట్టెక్కేవాడు ఒకడుంటాడు. సాయంత్రం ఆటలు మానకుండానే మంచి మార్కులు తెచ్చుకునేవాడు మరొకడుంటాడు. మరి పెద్దల మాట నిజమేనా?

మీ బడికి బోధన నేర్చుకోవడానికి వచ్చిన బి.ఇడి. అక్కయ్య ఒకామె ఈ సంగతి తేల్చాలనుకున్నదనుకుందాం. ఆమె ఐదుగురు విద్యార్థులను, రోజుకు ఎన్ని గంటలు చదువుతారని అడిగింది. వాళ్ళు వరుసగా 1, 2, 3, 4, 5 గంటలని చెప్పారు. లెక్కల పరీక్షలో వాళ్ళకు వచ్చిన మార్కులు అదే వరుసలో 45, 60, 50, 65, 55. నిజమైన పరిశీలనకు ఐదుగురు ఏ మూలకూ చాలరు. లెక్క తేలికగా ఉండాలని మనం ఐదుగురినే తీసుకున్నాం.

ముందు సగటులు కడదాం. గంటల సగటు 3, మార్కుల సగటు 55. ఇప్పుడు ఒక్కొక్కరు సగటుకు ఎంత ఎక్కువలో, ఎంత తక్కువలో ఉన్నారో చూడండి. గంటల్లో ఈ తేడాలు –2, –1, 0, 1, 2. మార్కుల్లో –10, 5, –5, 10, 0. ఏ విద్యార్థి తేడాలను ఆ విద్యార్థికే గుణిస్తే 20, –5, 0, 10, 0 వస్తాయి. వీటి మొత్తం 25. గంటలూ మార్కులూ కలిసి పెరుగుతూ, కలిసి తగ్గుతూ ఉంటే ఈ మొత్తం ధన సంఖ్య అవుతుంది. ఒకటి పెరిగితే రెండోది తగ్గేటట్లుంటే ఋణ సంఖ్య అవుతుంది.

అయితే 25 అంటే ఎక్కువా, తక్కువా? అది తెలియాలంటే దానిని ఒక కొలతతో పోల్చాలి. గంటల తేడాల వర్గాల మొత్తం 10. మార్కుల తేడాల వర్గాల మొత్తం 250. ఈ రెంటినీ గుణిస్తే 2,500. దాని వర్గమూలం 50. 25ను 50తో భాగిస్తే 0.5 వచ్చింది. దీనినే సహసంబంధ గుణకం అంటారు. ఈ భావానికి 1888లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ రూపమిచ్చాడు. ఈ లెక్క కట్టే పద్ధతిని 1896లో కార్ల్ పియర్సన్ స్థిరపరచాడు. ఈ గుణకం –1కీ 1కీ మధ్యనే ఉంటుంది. విద్యార్థులను చుక్కలుగా గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే, అన్ని చుక్కలూ ఒకే ఏటవాలు గీత మీద పడినప్పుడే అది 1 గాని –1 గాని అవుతుంది. గంటలకూ మార్కులకూ సరళరేఖ వంటి పొత్తు ఏమీ లేకపోతే 0 అవుతుంది.

మన అక్కయ్యకు 0.5 వచ్చింది కదా, చదువును కొలిచే పరిశోధనల్లో అది పెద్ద సంఖ్యే. కాని ఒక గంట ఎక్కువ చదివేవారికి ఎన్ని మార్కులు ఎక్కువ వచ్చాయో అది చెప్పదు. అందుకు 25ను గంటల తేడాల వర్గాల మొత్తమైన 10తో భాగించాలి. 2.5 వస్తుంది. అంటే, గంటకు సగటున రెండున్నర మార్కుల తేడా అన్నమాట.

ఇంకొక బడిలో అవే గంటలకు 35, 65, 45, 75, 55 మార్కులు వచ్చాయనుకోండి. మీరే లెక్క కట్టి చూడండి. గుణకం మళ్ళీ 0.5 వస్తుంది. కాని గంటకు తేడా ఈసారి 5 మార్కులు! కాబట్టి గుణకం చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుంది. రెండో సంఖ్య ఆ గీత ఎంత ఏటవాలుగా ఉందో చెబుతుంది. పరిశోధకులు ఈ రెంటినీ ప్రభావ పరిమాణాలనే అంటారు. ఈ పేరులోనే ఒక చిక్కుంది. ప్రభావం అన్న మాట వినగానే, చదవడం వల్లనే మార్కులు పెరిగాయని మనకు తోస్తుంది. కాని మనం చేసినవి కూడికలూ భాగహారాలే. ఏది దేనికి కారణమో ఆ అంకెల్లో ఎక్కడా లేదు.

ఎందుకు లేదో ఆలోచించండి. ఇంట్లో పనులు తక్కువగా ఉండి, తెలియనిది చెప్పేవారుంటే, ఆ పిల్లవాడు ఎక్కువసేపు చదవగలడు. మార్కులూ ఎక్కువ తెచ్చుకుంటాడు. అప్పుడు రెంటికీ మూలం ఇంటి పరిస్థితి. దీనికి ఎదురుగా, పాఠం త్వరగా అర్థం కానివాడు, మొదటి పరీక్షలో దెబ్బతిన్నవాడు భయంతో ఎక్కువ గంటలు చదువుతాడు. అప్పుడు తక్కువ మార్కులే ఎక్కువ చదువుకు కారణమవుతాయి. మొదటిది చదువు ప్రభావాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా చూపుతుంది. రెండోది చిన్నదిగా చూపుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బెరియా కాలేజీ ఉంది. అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థులపై రాల్ఫ్ స్టైన్‌బ్రికనర్, టాడ్ స్టైన్‌బ్రికనర్ అనే పరిశోధకులు జరిపిన పరిశోధన 2008లో వెలువడింది. ఆ కాలేజీలో మార్కులను గ్రేడ్ పాయింట్లుగా ఇస్తారు. అన్నిటికన్నా పై మెట్టు 4. మామూలుగా లెక్క కడితే రోజుకు గంట ఎక్కువ చదివినవారికి సుమారు 0.04 పాయింటు మాత్రమే ఎక్కువ కనిపించింది. అంటే, దాదాపు ఏమీ లేనట్లే!

అప్పుడు వారొక ఉపాయం పన్నారు. హాస్టలులో ఎవరు ఎవరితో ఉండాలో కాలేజీవారు చీట్లు తీసినట్లు నిర్ణయించేవారు. కొందరికి దొరికిన గది సహచరుడు వీడియో గేము వెంట తెచ్చుకున్నాడు. ఆ సహచరుడు దొరకడం విద్యార్థి తెలివిని బట్టి గాని, ఇంటి పరిస్థితిని బట్టి గాని జరిగింది కాదు. కేవలం చీటీలో వచ్చింది. అలాంటి గదుల్లోనివారు రోజుకు సుమారు 40 నిమిషాలు, అంటే గంటలో మూడింట రెండు వంతులు తక్కువ చదివారు. వారి గ్రేడు సుమారు 0.24 పాయింటు తగ్గింది. 0.24ను మూడింట రెండుతో భాగించండి. 0.36 వస్తుంది. గంట చదువు నిజంగా తెచ్చే లాభం అదే. మామూలు లెక్క చూపినదానికి అది తొమ్మిది రెట్లు!

ఈ ఉపాయం చెల్లాలంటే ఒక షరతు ఉంది. వీడియో గేము చదివే సమయాన్ని తగ్గించడం ద్వారానే గ్రేడును తగ్గించి ఉండాలి. నిద్రను గాని, తరగతికి హాజరును గాని పాడుచేసి ఉంటే ఆ నష్టాన్ని కూడా చదువు ఖాతాలో రాసినట్లవుతుంది. అందుకే వారు వాటినీ పరిశీలించారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినా ఇది ఒక్క కాలేజీ కథ. అన్ని చోట్లా గంటకు ఇంతే లాభం వస్తుందని దీనిని బట్టి చెప్పరాదు.

ఇప్పుడు మన అక్కయ్య తన నివేదికలో ఏమని రాయాలి? “రోజుకు గంట ఎక్కువ చదివే విద్యార్థులకు సగటున 2.5 మార్కులు ఎక్కువ ఉన్నాయి” అని రాయవచ్చు. “గంట ఎక్కువ చదివిస్తే 2.5 మార్కులు పెరుగుతాయి” అని మాత్రం రాయకూడదు. మొదటిది ఆమె చూసినది. రెండోది చూడనిది. దాన్ని చూడాలంటే ఎవరు ఎక్కువ చదవాలో విద్యార్థుల ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసి నిర్ణయించాలి.

చివరగా మీకొక ప్రశ్న. ఒక బడిలో ట్యూషన్‌కు వెళ్ళేవారికి వెళ్ళనివారికన్నా తక్కువ మార్కులు వచ్చాయనుకోండి. ట్యూషన్ మాన్పించమని సలహా ఇస్తారా? ఇచ్చేముందు, వాళ్ళు ట్యూషన్‌లో ఎందుకు చేరారో అడిగి తెలుసుకోండి.