నాన్న బీపీ మెషిన్‌కు మీ రివ్యూ

నాన్నకు కొనిచ్చిన బీపీ మెషిన్‌కు రివ్యూ రాస్తున్నారు. డబ్బు మీది, చెయ్యి ఆయనది. ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పేయండి: "మా నాన్నగారికి కొన్నాను, ఆయన వాడుతుంటే చూశాను."

చూసేవాళ్లకు తెలిసేది తక్కువేం కాదు. పట్టీ ఆయనే చుట్టుకోగలిగారా, అమ్మ సాయం పట్టాల్సి వచ్చిందా? కళ్లజోడు లేకుండా అంకెలు చదవగలిగారా? వాడేవాళ్లు అలవాటుపడి ఇవి మరిచిపోతారు. పట్టీ బిగువు, నొప్పి మాత్రం ఆయన్నే అడిగి, ఆయన మాటగానే రాయాలి. పిల్లలిచ్చిన కానుకను బాగాలేదనే తండ్రి అరుదు. అందుకే "బాగుందా?" అనకుండా "గాలి నిండేటప్పుడు చెయ్యి నొప్పెడుతోందా?" అని అడగండి.

అసలు చిక్కు "అంకెలు తప్పు చూపిస్తోంది" అని రాయడంలో ఉంది. జబ్బకు పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. పట్టీ మీద 22–32 సెంటీమీటర్లు అని ఉందనుకోండి. టేపుతో కొలిస్తే నాన్న జబ్బ చుట్టుకొలత 35 వచ్చింది. అప్పుడు తప్పు మెషిన్‌ది కాదు, మీరు ఎంచుకున్న సైజుది. ఆయన నడిచొచ్చి వెంటనే కొలుచుకున్నారేమో కూడా చూడాలి. ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే మెషిన్‌ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడి కొలతతో పోల్చండి. పోల్చి చూడలేదా, కచ్చితత్వం మాట ఎత్తకండి. పట్టీకి, బటన్లకు, అంకెల సైజుకు మాత్రమే మార్కులు వేయండి.