పొర ఊడిన నరానికి మరమ్మతు

కంటి నుంచి మెదడుకు సంకేతాలు మోసే దృష్టి నాడిలో దాదాపు ప్రతి తంతువు చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. దాన్ని చుట్టేది ఆలిగోడెండ్రోసైట్. ఒక్క కణమే చేతులు చాచినట్టు పదుల తంతువులకు పొర వేయగలదు. పొర తుంపుల మధ్య ఉన్న సందుల్లో గెంతుతూ పోతుంది కాబట్టే సంకేతానికి అంత వేగం.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో రోగనిరోధక వ్యవస్థే ఈ పొరపై దాడి చేస్తుంది. చూపు మసకబారుతుంది, కన్ను తిప్పితే నొప్పి పుడుతుంది. తెరపై నలుపు తెలుపు గళ్లను మార్చి మార్చి చూపిస్తూ తల వెనుక విద్యుత్ స్పందనను కొలిస్తే, సుమారు 100 మిల్లీసెకన్లలో రావలసినది ఆలస్యంగా వస్తుంది.

మరమ్మతులో మొదటి పని మైక్రోగ్లియాది. అవి చితికిన మైలిన్ ముక్కలను మింగేస్తాయి. ఆ చెత్త మిగిలిపోతే, దగ్గర్లోని పూర్వకణాలు కొత్త ఆలిగోడెండ్రోసైట్లుగా ఎదగడం కష్టం. ఆస్ట్రోసైట్లు తంతువుల చుట్టూ పేరుకునే పొటాషియంను, గ్లుటమేట్‌ను పీల్చేసి, లాక్టేట్ రూపంలో ఇంధనం అందిస్తాయి. గాయం చుట్టూ మచ్చ కట్టి వాపు పాకకుండా ఆపేదీ అవే. అయితే ఆ మచ్చే గట్టిపడి కొత్త పొరకు అడ్డు కావచ్చు.

కొత్త పొర సాధారణంగా పాతదానికన్నా పలుచన. చూపు తేరుకున్నాక కూడా పరీక్షలో ఆ ఆలస్యం తరచుగా మిగిలే ఉంటుంది.