పరీక్ష వాయిదాకి డాక్టరుగారి ఉత్తరం

"డాక్టరుగారి చేత ఒక ఉత్తరం రాయిస్తే యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష వాయిదా వేయరా వదినా?" అని మా నాగోల్ కాలనీలో పక్కింటావిడ ఓ సాయంత్రం కాయితం పట్టుకుని వచ్చింది. నేను కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఉత్తరాలు కూడా బాగా రాస్తానని ఆవిడ నమ్మకం. కథకీ దరఖాస్తుకీ ఎంత దూరమో ఆవిడకేం తెలుసు!

వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు, జె.ఎన్.టి.యు.కి అనుబంధంగా ఉన్న కాలేజీలో. నెల రోజులు క్లాసులు జరిగాయో లేదో, సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో పోటు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి పొరల మధ్య నీరు చేరింది. సూదితో తీసి పరీక్ష చేశారు. క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు వాడాలన్నారు.

ఆవిడ తెచ్చిన కాయితంలో డాక్టరుగారు రాసిందిదీ: 'ఈ అమ్మాయి ఆరు నెలల చికిత్సలో ఉన్నది, రెండు నెలలు విశ్రాంతి అవసరం, కావున పరీక్షలు వాయిదా వేయవలసిందిగా యూనివర్సిటీవారిని కోరుతున్నాను.' మంచి మనసుతో రాసిన ఉత్తరమే. కానీ అది పిల్లకి మేలు చేసేది కాదు. ఎందుకో చెబుతాను.

మొదటి సంగతి, ఒక్క విద్యార్థి కోసం మన యూనివర్సిటీలు టైంటేబుల్ జరపవు. 2020లో కరోనా వచ్చినప్పుడు వాయిదా వేశారు కదా అంటారేమో, అది అందరికీ కలిపి వేసింది. మన వాళ్ళ పిల్లలు చదువుకునే బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీల్లో మాత్రం విడిగా ఒక్కరికి వాయిదా ఇచ్చే పద్ధతి ఉంది. డాక్టరు కాయితం జతచేసి గడువులోగా దరఖాస్తు పెట్టుకుంటే, తర్వాత రాసే పరీక్షనే మొదటిసారి రాసినట్టు లెక్కవేస్తారు. అక్కడా ఓ మెలిక ఉంది. చాలాచోట్ల, జ్వరంతోనైనా సరే వెళ్ళి హాల్లో కూర్చుంటే 'ఒంట్లో బాగానే ఉంది, రాయగలను' అని ఒప్పుకున్నట్టే. బాగా రాయలేదని తర్వాత డాక్టరు చీటీ చూపిస్తే సామాన్యంగా ఒప్పుకోరు.

మరి ఇక్కడ ఆ ఉత్తరం దేనికి పనికొస్తుంది? హాజరుకి. జె.ఎన్.టి.యు. హైదరాబాద్ నియమాల ప్రకారం సెమిస్టరు పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, సరైన కారణం, వైద్య ధ్రువపత్రం చూపించి, రుసుము కడితే కాలేజీ కమిటీ ఆ లోటు మన్నించవచ్చు. కాండొనేషన్ అంటారు దాన్ని. 65 కంటే తగ్గితే ఎంత పెద్ద డాక్టరు రాసినా మన్నింపు లేదు. డిటెయిన్ అయినట్టే. ఆ సెమిస్టరు మళ్ళీ వచ్చినప్పుడు చేరి చదువుకోవాలి. ఏడాది పోయినట్టే.

పక్కింటావిడని కూర్చోబెట్టి కేలెండరు ముందు పెట్టుకున్నాం. వాళ్ళ సెమిస్టరు పదహారు వారాలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 96 రోజులు. (కాలేజీలో పీరియడ్ల లెక్కన చూస్తారు గానీ, మాకు రోజుల లెక్క తేలిక.) 65 శాతం దాటాలంటే 63 రోజులు వెళ్ళాలి. అంటే 33 రోజులకి మించి మానకూడదు. డాక్టరుగారు రాసిన రెండు నెలల విశ్రాంతి తీసుకుంటే 48 రోజులు పోయి సరిగ్గా సగమే మిగులుతుంది. పిల్లని కాపాడాలని రాసిన ఉత్తరమే పిల్లని డిటెయిన్ చేసేస్తుందన్నమాట!

మర్నాడు ఆవిడతో నేనూ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. "చికిత్స ఆరు నెలలు సరే, మంచం మీద ఎన్నాళ్ళుండాలండీ?" అని అడిగితే ఆయన నవ్వి, "జ్వరం తగ్గి, అన్నం సయిస్తే నాలుగైదు వారాల్లో కాలేజీకి వెళ్ళొచ్చు. మాత్రలు మాత్రం ఆపకూడదు" అన్నారు. మందు వాడే కాలం వేరు, కదలలేని కాలం వేరు. ఉత్తరంలో రెండూ కలిసిపోతే చదివేవాళ్ళు ఆరు నెలల రోగమనే అనుకుంటారు.

అప్పుడు బయటపడింది ఆవిడ అసలు భయం. "క్షయ అని రాయకండి బాబూ, రేపు పెళ్ళి సంబంధాలు చూడాలి. వైరల్ జ్వరమని రాయండి." డాక్టరుగారు ఒప్పుకోలేదు. లేని జబ్బు రాస్తే ఆయన పేరు వైద్యుల రిజిస్టరులోంచి తీసేయొచ్చని 2002 నాటి వైద్యమండలి నియమాల్లోనే ఉంది. అదీగాక, వైరల్ జ్వరం ఐదు వారాలుంటుందా? ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకైనా అనుమానం వస్తుంది. దొంగ సర్టిఫికెట్లు ఆ జ్వరం పేరు మీద కూడా వస్తుంటాయి మరి.

ఆయన చేసింది నాకు నచ్చింది. 'ఊపిరితిత్తి పొరల మధ్య నీరు చేరింది' అని రాశారు. అది నిజం. జబ్బు మూలం అడిగితే రిపోర్టులు ప్రిన్సిపాలుగారికి సీలు వేసిన కవరులో ఇద్దామన్నారు. ఇంకో వాక్యం కూడా చేర్చారు: 'ఈమె వల్ల ఇతరులకు అంటుకునే ప్రమాదం లేదు.' ఉమ్మి పరీక్షలో క్రిములు కనబడలేదు, ఊపిరితిత్తుల్లో మచ్చ లేదు కాబట్టి అలా రాయగలిగారు. ఊపిరితిత్తుల క్షయ అయితే ఆ మాట అంత తొందరగా రాయరు, మందులు పడి కనీసం రెండు వారాలైనా కావాలంటారు.

కొత్త ఉత్తరంలో పరీక్ష వాయిదా మాటే లేదు. ఏ తేదీన చూశారు, ఏ తేదీ నుంచి కాలేజీకి వెళ్ళలేని స్థితి, ఎప్పుడు మళ్ళీ చూసి నిర్ణయిస్తారు, అంతే. పైన పిల్ల సంతకం, ఒక పుట్టుమచ్చ గుర్తు, కింద డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు. ఇవన్నీ ఆ 2002 నమూనాలో ఉన్నవే. నకలు ఒకటి ఆయన కూడా దాచుకోవాలి. అడిగేది మాత్రం డాక్టరు కాదు, విద్యార్థి. హాజరు లోటు మన్నించమని వేరే దరఖాస్తు అమ్మాయి చేత రాయించి, దానికి ఈ ఉత్తరం జతచేశాం. ఒక్క అక్షరం కూడా నేను కల్పించలేదు సుమండీ!

తిరిగి వెళ్ళేటప్పుడు రెండో ఉత్తరం, 'ఫలానా తేదీ నుంచి క్లాసులకు రావచ్చు' అని. ఇది చాలామంది మర్చిపోతారు. మొదటి ఉత్తరం ఒక్కటే ఉంటే సెలవు ఎప్పుడు ముగిసిందో తేలదు. తేదీలు ఆసుపత్రి చీటీలతో సరిపోవాలి కూడా. జబ్బు తగ్గాక సెమిస్టరు చివర వెనక తేదీ వేయించి తెచ్చేవి ఇక్కడే పట్టుబడతాయి. ఆసుపత్రిలో చేరిన కేసైతే రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలనీ ఆ నియమాల్లో ఉంది.

సరిగ్గా పరీక్షల రోజుల్లోనే జబ్బు చేస్తే? హాజరు సరిపోయి ఉంటే రాయని పేపరు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు, క్లాసులు మళ్ళీ వినక్కర్లేదు. కొన్ని నెలలు పోతాయి గానీ ఏడాది పోదు. అందుకే పరీక్ష గురించి కంటే హాజరు గురించి ముందు కంగారుపడాలి.

పక్కింటి అమ్మాయి 31 రోజులు మానింది. 96లో 65 రోజులు వెళ్ళింది, 67 శాతం దాటింది. ఇంకో మూడు రోజులు నీరసమని ఇంట్లో ఉండిపోయి ఉంటే గీత కిందికి జారేది. రోజూ క్లాసుకి వెళ్ళొచ్చి సోలిపోయి పడుకునేది పాపం. దరఖాస్తు ఇచ్చినప్పుడు కాలేజీ గుమాస్తా "అక్కడ పెట్టండి, చూస్తాం" అన్నాడట. ఆవిడ కదలకుండా నిలబడి, నకలు మీద ఇన్‌వర్డ్ నంబరూ ముద్రా వేయించుకుని గానీ రాలేదు. నెల తర్వాత ఆ కాయితం నిజంగానే కనబడలేదన్నారు. ఆవిడ సంచిలోంచి నకలు తీసి బల్ల మీద పెట్టింది. అమ్మాయి రుసుము కట్టి, మూడో నెల మాత్రలు వేసుకుంటూ పరీక్షలన్నీ రాసింది.