బయోలో హోదాలున్నాయి.. మీరెక్కడ?

‘బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ విద్యార్థిని. ఎన్ఎస్ఎస్ వాలంటీర్. కాలేజీ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ కోఆర్డినేటర్. క్యాంపస్ అంబాసిడర్. మందుల ఏజెన్సీలో డేటా ఎంట్రీ ఇంటర్న్. హోమ్ ట్యూటర్. కష్టపడే తత్వం, టీమ్‌వర్క్ నా బలాలు.’

లింక్డ్‌ఇన్‌లో ‘అబౌట్’ కింద ఫ్రెషర్లు రాసుకునే బయోలు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చదివినవాళ్లకు ఈ అమ్మాయి ఏ పని బాగా చేస్తుందో మాత్రం తెలీదు. చిన్న పరీక్ష పెట్టి చూడండి. మధ్యలోని వాక్యాల్ని తారుమారు చేసి చదవండి. తేడా ఏమీ కనిపించకపోతే అది చిట్టా అన్నమాటే. పైగా ఈ హోదాలన్నీ అదే ప్రొఫైల్‌లో కాస్త కింద, ‘ఎక్స్‌పీరియన్స్’లో తేదీలతో సహా ఉంటాయి. వాటినే మళ్లీ పైన చదివించడం దేనికి?

ఈ బయోనే ఉదాహరణగా తీసుకుని సరిదిద్దుదాం. ఈమె ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం వెతుక్కుంటోందనుకోండి. ముందుగా హోదాల్ని పక్కనపెట్టి, ఒక్కో చోటా జరిగింది మామూలు మాటల్లో రాసుకోవాలి. తాను వెళ్లేసరికి అక్కడ ఇబ్బందేంటి, తాను ఏం చేసింది, వచ్చేశాక అక్కడ ఏం మిగిలింది.. ఈ మూడే.

ఎన్ఎస్ఎస్‌లో రక్తదాతల వివరాలు నాలుగు నోటు పుస్తకాల్లో చెల్లాచెదురుగా ఉండేవి. వాటిని బ్లడ్ గ్రూపుల వారీగా ఒకే ఎక్సెల్ షీటులోకి ఎక్కించింది. ఎవరికైనా రక్తం అవసరమైతే జూనియర్లు ఇప్పుడు ఆ షీటే తెరుస్తున్నారు. ఫెస్ట్‌లో ఒకరే రెండేసిసార్లు పేరు ఇచ్చేవారు. ఫోన్ నంబర్లు పోల్చి వాటిని ఏరేసింది. ఏజెన్సీలో బిల్లుల్లోని బ్యాచ్ నంబర్లకూ గోడౌన్‌లో ఉన్న స్టాకుకూ పొంతన కుదిరేది కాదు. ప్రతి శనివారం రెండూ సరిచూసి, గడువు దగ్గరపడ్డ మందుల జాబితా ఇచ్చేది.

ఇప్పుడు ఈ మూడింట్లో మళ్లీమళ్లీ వస్తున్న పని ఏదో చూడండి. గజిబిజిగా ఉన్న వివరాల్ని సరిచూసి, ఇంకొకరు వాడుకునేలా పెట్టడం. బయోను కలిపి కుట్టే దారం అదే. దారాన్ని హోదాల్లో వెతికితే దొరకదు, చేసిన పనుల్లోనే దొరుకుతుంది. ‘కొత్త విషయాలు నేర్చుకోవడమంటే ఇష్టం’ లాంటిది దారం కాదు. క్లాసులో ఎవరి పేరు పెట్టినా అతుకుతుంది కదా!

క్యాంపస్ అంబాసిడర్, ట్యూషన్ల సంగతేంటి? ఈ దారానికి అవి అందవు. బలవంతంగా ముడేస్తే వాక్యం ‘అలాగే’, ‘దీంతోపాటు’ అంటూ సాగుతుంది. ఆ మాటలు తగిలాయంటే చిట్టా మళ్లీ మొదలైందనే అర్థం. ఆ రెండింటినీ ఎక్స్‌పీరియన్స్‌లోనే వదిలేయొచ్చు. చాలామందికి మనసొప్పనిది ఈ కోతే.

సరిదిద్దాక ఇలా ఉంటుంది:

‘నాలుగు నోటు పుస్తకాల్లో ఉన్న రక్తదాతల వివరాల్ని ఒక్క ఎక్సెల్ షీటులోకి తెచ్చినప్పుడు నాకు ఈ పని మీద ఆసక్తి కలిగింది. అవసరమైన గ్రూపు దాత నంబరు వెంటనే దొరికేది. ఆ అనుభవంతోనే కాలేజీ ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్ల పని అడిగి తీసుకుని, రెండుసార్లు నమోదైన పేర్లను ఏరేశాను. అక్కడ తప్పు జరిగితే ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. మందుల ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరాక ఒక్క బ్యాచ్ నంబరు తప్పయినా గడువు తీరిన మందు దుకాణానికి వెళ్లిపోవచ్చని తెలిసింది. అందుకే వారం వారం బిల్లులతో స్టాకు సరిచూసేదాన్ని. బీకాం కంప్యూటర్స్ పూర్తి చేస్తున్నాను. రోజూ నివేదికలు తయారుచేసే ఎంఐఎస్ ఉద్యోగం కోసం చూస్తున్నాను.’

ఇప్పుడు వాక్యాల్ని తారుమారు చేస్తే కథ తెగిపోతుంది. ‘కష్టపడే తత్వం’ అనే మాట లేకపోయినా శనివారాల లెక్క ఆ సంగతి చెబుతోంది. అయితే ఇందులో ప్రతి వాక్యం ఇంటర్వ్యూలో ప్రశ్నవుతుంది. ‘డూప్లికేట్లు ఎలా పట్టుకున్నారు?’ అంటే ఎక్సెల్‌లో చేసి చూపించగలగాలి. చేయనిది ఒక్క ముక్క కలిపినా అక్కడే దొరికిపోతారు.

‘అబౌట్’లో 2,600 క్యారెక్టర్ల వరకు చోటుంటుంది. అంతా నింపాలని లేదు. తెరవగానే కనిపించేవి మొదటి కొన్ని లైన్లే, మిగతాది నొక్కితేనే వస్తుంది. అందుకే నోటు పుస్తకాల ముచ్చట ముందుకొచ్చింది, డిగ్రీ వెనక్కెళ్లింది.

ఇదే అమ్మాయి రేపు సేల్స్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే చివరి వాక్యం ఒక్కటి మారిస్తే సరిపోదు, దారమే మార్చాలి. అప్పుడు ఎక్సెల్ షీటు వెనక్కిపోతుంది. ట్యూషన్ కోసం పిల్లల తల్లిదండ్రుల్ని ఎలా ఒప్పించిందో, అంబాసిడర్‌గా తోటి విద్యార్థులతో ఎలా మాట్లాడిందో ముందుకొస్తాయి.