టీసీ తీసుకున్నా మెషీన్ పేరు పెట్టి పిలిచింది: ఫేస్ అటెండెన్స్ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న

పోయిన దసరాకి కొత్తకోట వెళ్లినప్పుడు, మా అక్కతో కలిసి మేనకోడలిని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్లాను. మేనల్లుడు కూడా వెంట వచ్చాడు. వాడు మొన్నటిదాకా అదే ప్రైవేట్ స్కూల్‌లో చదివాడు, జూన్‌లో టీసీ తీసుకుని వనపర్తిలో చేరాడు. గేటు పక్కన గోడకి ఫేస్ అటెండెన్స్ మెషీన్ ఉంది. సరదాగా దాని ముందు నిలబడ్డాడు. సెకను కూడా పట్టలేదు, స్క్రీన్ మీద వాడి పేరు, పాత క్లాసు వచ్చేశాయి. హాజరు కూడా పడింది.

"ఏందిర ఇది, టీసీ తీస్కొని నాలుగు నెలలాయె" అంది అక్క. వాడైతే తెగ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే రోజూ డేటాబేస్‌లతోనే నా పని.

ఈ వెబ్‌సైట్ చదివేవాళ్లకి ఫేస్ అన్‌లాక్ కొత్త కాదు. అందుకే చాలామంది "ఫోన్‌లో వాడేదే కదా, స్కూల్‌లో పెడితే ఏమైంది" అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. ఫోన్‌లో మీ ముఖం ఒక్కటే ఉంటుంది, అదీ ఫోన్ లోపలే ఉంటుంది. స్కూల్ మెషీన్‌లో ఉండేది ఊరి పిల్లలందరి జాబితా. ప్రతి ముఖాన్నీ ఆ జాబితా మొత్తంతో పోల్చి చూస్తుంది.

పేరు ఎక్కించేటప్పుడు రెండు మూడు ఫొటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ముఖాన్ని వెతికి, కళ్లు ఒక వరుసలోకి వచ్చేలా సరిచేసి, దాన్ని అంకెల వరుసగా మారుస్తుంది. దీన్నే టెంప్లేట్ అంటారు. చాలా మోడళ్లలో ఇది 512 అంకెలు. ఒక్కో అంకెకి 4 బైట్లు వేసుకుంటే మనిషికి 2 కేబీ. 600 మంది పిల్లలున్న స్కూల్ మొత్తం 1.2 ఎంబీ. వాట్సాప్‌లో పంపే ఒక్క ఫొటో అంత సైజు. ఒక స్కూల్ ముఖాలన్నీ ఒక పెన్‌డ్రైవ్ మూలలో వెళ్లిపోతాయి, ఎవరికీ తెలియదు.

"మేము ఫొటోలు దాచుకోం సార్" అని వెండర్లు చెప్పే మాట ఇక్కడే జారిపోతుంది. ఫొటో తీసేసినా టెంప్లేట్ ఉంటే మెషీన్ గుర్తుపడుతుంది, మా మేనల్లుడిని పట్టినట్టే. టెంప్లేట్ నుంచి ముఖాన్ని పోలిన బొమ్మని తిరిగి తయారుచేయవచ్చని పరిశోధకులు చూపించారు కూడా. పాస్‌వర్డ్ లీకైతే మార్చుకుంటాం, ముఖాన్ని మార్చుకోలేం.

పాత పేర్లు జాబితాలో ఉండిపోతే ఇంకో చిక్కు ఉంది. మెషీన్ ఒక పోలికలో పదివేలకి ఒకసారి పొరబడేలా సెట్ చేశారనుకుందాం. వినడానికి బాగానే ఉంది. కానీ జాబితాలో లేని మనిషి ముందు నిలబడితే 600 పోలికలు జరుగుతాయి, ఎవరో ఒకరితో కలిసిపోయే అవకాశం దాదాపు 6 శాతం. జాబితా పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది. పిల్లల ముఖాల దగ్గర తప్పుడు మ్యాచ్‌లు ఎక్కువని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 నివేదికలో ఉంది. అచ్చం ఒకేలా ఉండే కవలలైతే చెప్పక్కర్లేదు.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ సార్‌ని కలిశాం. మంచాయనే. "మేం తీసేసినం బాబూ" అని తన సిస్టమ్‌లో చూపించారు, అందులో నిజంగానే వాడి పేరు లేదు. ఫీజుల సాఫ్ట్‌వేర్‌లో తీసేశారు, మెషీన్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ముందే మెషీన్ అడ్మిన్ మెనూలో తీయించి, వాడిని మళ్లీ నిలబెట్టాం. "గుర్తించలేదు" అని వచ్చింది. సార్ సంతోషించారు. నేను ఒక్క పది నిమిషాలు ఆగమన్నాను. మెషీన్ సర్వర్‌తో సింక్ అయ్యింది, వాడి పేరు మళ్లీ వచ్చి కూర్చుంది.

అసలు కాపీ గోడ మీది మెషీన్‌లో లేదు, వెండర్ సర్వర్‌లో ఉంది. అక్కడ తీస్తేనే పోతుంది. ఆ తర్వాత కూడా బ్యాకప్‌లలో మిగులుతుంది. అందుకే మీరు అడగాల్సింది "డేటా సేఫేనా" అని కాదు. దానికి ఎవరైనా అవుననే అంటారు. "మా బిడ్డ వెళ్లిపోయిన రోజున టెంప్లేట్ మెషీన్‌లో, సర్వర్‌లో, బ్యాకప్‌లో ఎన్ని రోజులకి పోతుంది, తీసేది ఎవరు, రాసిస్తారా?" అని అడగండి. తీశాక, సింక్ అయిన తర్వాత మళ్లీ నిలబెట్టి చూడండి.

అసలు అనుమతి అడగాలి కదా అంటారేమో. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కానీ 2025 నవంబర్‌లో వచ్చిన రూల్స్ చదువు పనులకో, పిల్లల భద్రతకో అవసరమైన ట్రాకింగ్ వరకు స్కూళ్లకి దీన్నుంచి మినహాయింపు ఇచ్చాయి. ఉద్యోగం పనులకైతే యజమానికి సమ్మతి లేకుండా వాడుకునే వీలు చట్టంలోనే ఉంది. అంటే సమ్మతి మీద పోట్లాడితే బలం తక్కువ. పని అయిపోయాక డేటా చెరిపేయాలన్న నియమం మాత్రం ప్రైవేట్ స్కూలుకీ, కంపెనీకీ అలాగే ఉంది. ఈ బాధ్యతలు పూర్తిగా అమల్లోకి వచ్చేది 2027 మేలో. అప్పటిదాకా ఆగక్కర్లేదు, అడగడానికి చట్టం అడ్డు రాదు.

ప్రభుత్వ బడుల సంగతి వేరు. తెలంగాణలో విద్యార్థులకి 2023 నుంచి, టీచర్లకి 2025 ఆగస్టు 1 నుంచి ఫేస్ అటెండెన్స్ వచ్చింది. అదే చట్టంలోని సెక్షన్ 17(4) ఈ చెరిపివేత నియమాన్ని ప్రభుత్వానికి వర్తించకుండా చేసింది. ఇది చాలామంది టీచర్లకి తెలియదు. వాళ్లకి మిగిలిన దారి ఆర్టీఐ: టెంప్లేట్ ఎన్నాళ్లు ఉంచుతారు, ఎక్కడ ఉంచుతారు, ఇంకే శాఖకి ఇస్తారు అని రాతపూర్వకంగా అడగడం.

ఇంకో పని కూడా వాళ్లు చేయొచ్చు. సొంత ఫోన్‌లో అటెండెన్స్ యాప్ ఉంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ముఖం చూపించి చూడండి. అప్పుడూ గుర్తుపడితే టెంప్లేట్ మీ ఫోన్‌లో ఉన్నట్టే. అలాగని సర్వర్‌లో లేదని కాదు. ప్లే స్టోర్‌లోని "డేటా సేఫ్టీ" వివరాలు డెవలపర్ తనంతట తాను రాసుకున్నవి, గూగుల్ పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

"పేరెంట్స్ సంతకం పెట్టారు కదా" అనేవాళ్లకి స్వీడన్ సంగతి చెప్పాలి. షెలెఫ్టియోలో ఒక హైస్కూల్ 22 మంది విద్యార్థులపై మూడు వారాలు ఫేస్ అటెండెన్స్ ప్రయోగం చేసింది, సమ్మతి తీసుకునే చేసింది. 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనాల జరిమానా వేసింది. స్కూల్ ముందు విద్యార్థి స్థాయి ఎక్కడ, ఆ సమ్మతికి విలువేంటి అన్నది వాళ్ల వాదన. హాజరు తీసుకోవడానికి ఇంత చొరబాటు అవసరం లేదనీ అన్నారు. అక్కడి చట్టం వేరే, మన దగ్గర అది చెల్లదు. వాదన మాత్రం మన ఊరికీ సరిపోతుంది.

అక్క తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చింది. వారానికి స్కూల్ నుంచి ఫోన్: సర్వర్‌లో వాడి పేరు తీసేశారట, టీసీ తీసుకున్న మిగతా పిల్లల పేర్లు కూడా తీస్తున్నారట. సంక్రాంతికి మళ్లీ నిలబెట్టాం, గుర్తుపట్టలేదు. బ్యాకప్ గురించి అడిగిన ప్రశ్నకి వెండర్ నుంచి ఇంకా జవాబు రాలేదు.