ప్యాకెట్ వెనక లెక్క

మిక్చర్ ప్యాకెట్ వెనక '8 శాతం' అని కనిపిస్తే ఫర్వాలేదులే అనిపిస్తుంది. కానీ ఆ శాతం ప్యాకెట్ మొత్తానికి కాదు, ఒక్క సర్వింగుకే. సర్వింగ్ ఎంతో నిర్ణయించేది కంపెనీ. మన దేశంలో ఈ శాతాలను రోజుకు 2000 క్యాలరీలు, 2000 మిల్లీగ్రాముల సోడియం అనే కొలమానంతో లెక్కగడతారు.

150 గ్రాముల ప్యాకెట్ ఉందనుకుందాం. సర్వింగ్ 30 గ్రాములు, అంటే ప్యాకెట్లో ఐదు సర్వింగులు. 100 గ్రాములకు 540 క్యాలరీలు, 800 మిల్లీగ్రాముల సోడియం అని రాసుంది. 540ని 0.3తో గుణిస్తే సర్వింగుకు 162 క్యాలరీలు, రోజువారీ లెక్కలో 8 శాతం. అయితే టీవీ ముందు కూర్చుని 30 గ్రాములతో ఆపేవారెందరు? సగం ప్యాకెట్ తింటే 75 గ్రాములు. అప్పుడు 405 క్యాలరీలు, 20 శాతం. సోడియం 600 మిల్లీగ్రాములు, ఏకంగా 30 శాతం! బీపీ ఉన్నవారు ముందు చూడాల్సింది ఈ అంకెనే.

క్యాలరీల అంకెను మనమే సరిచూసుకోవచ్చు. గ్రాము కొవ్వుకు 9, పిండి పదార్థానికి 4, ప్రొటీన్‌కు 4 క్యాలరీలు. ఈ మిక్చర్‌లో 100 గ్రాములకు కొవ్వు 35, పిండి పదార్థాలు 44, ప్రొటీన్ 12 గ్రాములు. 315, 176, 48 కలిపితే 539. ఒకటి రెండు తేడా సహజమే, అంకెలను సర్దడం వల్ల వస్తుంది. సగానికి పైగా క్యాలరీలు నూనెవే.

2000 క్యాలరీలన్నది సగటు కొలత. చిన్నపిల్లలకు అంత అక్కర్లేదు కాబట్టి, అదే గుప్పెడు మిక్చర్ వాళ్లకు ఇంకా ఎక్కువ శాతం అవుతుంది.